ఒకే పీపా చమురు, మూడు రకాల లాభనష్టాలు

2022 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఇండిగో విమానాలు కిటకిటలాడాయి. కొవిడ్ భయం తగ్గింది, వేసవి సెలవులు వచ్చాయి, రెండేళ్లుగా ఇళ్లకే పరిమితమైన జనం మళ్లీ ప్రయాణాలు కట్టారు. ఆ మూడు నెలల్లో కంపెనీకి వచ్చిన రాబడి రూ.12,855 కోట్లు. అప్పటిదాకా ఏ త్రైమాసికంలోనూ అంత సొమ్ము రాలేదు. అయినా పద్దు ముగిసేసరికి తేలింది రూ.1,064 కోట్ల నష్టం. సరిగ్గా ఏడాది తర్వాత, 2023లో అవే మూడు నెలలకు అదే కంపెనీ రూ.3,090 కోట్ల లాభం చూపించింది.

అంతకు కొద్ది నెలల ముందు, 2021 జులై-సెప్టెంబరు త్రైమాసికంలో, ఏషియన్ పెయింట్స్‌కూ ఇలాంటి అనుభవమే ఎదురైంది. అమ్మకాలు మూడో వంతు పెరిగాయి, లాభం మాత్రం పావు వంతుకు పైగా పడిపోయింది. ఇక 2023 చివరి మూడు నెలల్లో, అంతర్జాతీయ ధరలు బాగా దిగివచ్చాక, సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసే కోరమాండల్ ఇంటర్నేషనల్ లాభం సగానికి పైగా తగ్గింది. ధరలు పెరిగినప్పుడు ఒకరికి దెబ్బ తగిలింది, తగ్గినప్పుడు మరొకరికి తగిలింది.

ముడిచమురు పెరిగితే ఈ మూడు రంగాలకూ నష్టం, తగ్గితే లాభం అని టీవీల్లో, పత్రికల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. ఆ వాక్యాన్ని నమ్మి షేర్లు కొన్నవాళ్లు దెబ్బతిన్న సందర్భాలు తక్కువేమీ కాదు. పీపా ధర అందరికీ ఒకటే అయినా, అది కంపెనీ లాభంలోకి చేరే దారి ఒక్కో రంగానిది ఒక్కోలా ఉంటుంది. ఆ దారి తెలియాలంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కంపెనీ తన సరుకు అమ్మే ధర ఎవరి చేతిలో ఉంది? ఖర్చు పెరిగిన రోజుకూ, ఆ ఖర్చును ధరలో రాబట్టుకోగలిగిన రోజుకూ మధ్య ఎంత ఎడం ఉంది? 2021 నుంచి 2023 వరకు నడిచిన ధరల చక్రం ఈ రెండు ప్రశ్నలకూ చక్కగా జవాబు చెబుతుంది.

ధర ఎందుకంత ఊగుతుంది

చమురు గిరాకీ ఒక్కసారిగా తగ్గదు, సరఫరా ఒక్కసారిగా పెరగదు. పెట్రోలు ఖరీదైందని ఆఫీసుకు వెళ్లడం మానుకోలేం. ధర పెరిగిందని నెల రోజుల్లో కొత్త సముద్రగర్భ క్షేత్రం నుంచి చమురు తోడలేం, దానికి ఏళ్లు పడుతుంది. అందుకే గిరాకీకీ సరఫరాకీ మధ్య కొద్దిపాటి తేడా వచ్చినా ధర విపరీతంగా కదులుతుంది. ధర బాగున్న రోజుల్లో పెట్టిన పెట్టుబడులు కొన్నేళ్లకు చమురుగా మారి మార్కెట్‌ను ముంచెత్తుతాయి. అప్పుడు ధర పడిపోతుంది. కంపెనీలు కొత్త బావుల జోలికి వెళ్లవు. మళ్లీ కొన్నేళ్లకు కొరత మొదలవుతుంది.

2014 మధ్యలో పీపా 115 డాలర్ల దాకా ఉన్న బ్రెంట్ రకం చమురు 2016 జనవరిలో 30 డాలర్ల కిందికి జారింది. కంపెనీలు పెట్టుబడులకు కోత వేశాయి. 2020లో కొవిడ్ వచ్చి గిరాకీ కుప్పకూలింది. ఆ ఏప్రిల్‌లో ఒపెక్ దేశాలు, రష్యా వంటి భాగస్వాములు కలిసి రోజుకు దాదాపు 97 లక్షల పీపాల ఉత్పత్తి తగ్గించుకోవడానికి ఒప్పుకున్నాయి. 2021లో గిరాకీ తిరిగి లేచినంత వేగంగా ఉత్పత్తి లేవలేదు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధం మొదలయ్యాక, మార్చి రెండో వారంలో బ్రెంట్ ఒక దశలో 139 డాలర్లను తాకింది. ఏడాది చివరికి మళ్లీ 85 డాలర్ల దరిదాపులకు వచ్చింది.

మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. కొనేది డాలర్లలో. కాబట్టి పీపా ధరతో పాటు రూపాయి విలువ కూడా లెక్కలోకి వస్తుంది. 2022 ఆరంభంలో డాలరుకు 75 రూపాయల దగ్గరున్న మారకం జులైలో 80ని తాకింది. చమురు ధర పెరిగితే దిగుమతుల కోసం ఎక్కువ డాలర్లు కావాలి, దాంతో రూపాయి మీద ఒత్తిడి పడుతుంది. అంటే ఈ రెండు దెబ్బలూ తరచూ ఒకేసారి తగులుతాయి.

విమానం: ఖర్చు ఈ నెలే, ధర మాత్రం పోటీదారు చేతిలో

విమానాల్లో వాడే ఇంధనాన్ని ఏటీఎఫ్ అంటారు. శుద్ధి చేసిన కిరోసిన్ రకం అది. మన చమురు కంపెనీలు ప్రతి నెలా ఒకటో తేదీన, అంతర్జాతీయ ధరను, రూపాయి మారకాన్ని చూసి దీని ధర సవరిస్తాయి. 2022 జనవరి మొదట్లో ఢిల్లీలో వెయ్యి లీటర్ల ఏటీఎఫ్ సుమారు 76 వేల రూపాయలు. జూన్ మధ్యకు అది రూ.1.41 లక్షలు దాటింది. ఆరు నెలల్లో దాదాపు రెట్టింపు.

ఇక్కడ ముడిచమురు ధర ఒక్కటే కథంతా చెప్పదు. ముడిచమురుకూ, దాన్ని శుద్ధి చేస్తే వచ్చే విమాన ఇంధనానికీ మధ్య ఉండే ధర తేడా కూడా ఆ వేసవిలో బాగా పెరిగింది. యుద్ధం వల్ల డీజిల్, కిరోసిన్ రకం ఇంధనాలకు ప్రపంచమంతటా కొరత ఏర్పడింది. పీపా ధర కంటే ఏటీఎఫ్ ధర వేగంగా పరుగెత్తింది. పీపా ధర మాత్రమే చూస్తూ కూర్చున్నవాళ్లకు విమాన కంపెనీకి తగిలిన దెబ్బలో కొంత కనబడలేదు.

ఇప్పుడు ఇండిగో లెక్క విప్పి చూద్దాం. 2022 ఏప్రిల్-జూన్‌లో ఇంధనానికి అయిన ఖర్చు సుమారు రూ.5,990 కోట్లు. అంటే ప్రయాణికులు చెల్లించిన ప్రతి వంద రూపాయల్లో 47 రూపాయలు ఇంధన ట్యాంకులోకే పోయాయి. మిగిలిన 53 రూపాయల్లోంచే విమానాల అద్దెలు, పైలట్ల జీతాలు, మరమ్మతులు, విమానాశ్రయాల రుసుములు అన్నీ చెల్లించాలి. అద్దెలు, విడిభాగాల ఖర్చులు ఎక్కువ భాగం డాలర్లలోనే ఉంటాయి. ఆ మూడు నెలల్లో రూపాయి నీరసించడంతో పద్దుల్లో ఆ బాకీలు కూడా ఉబ్బాయి. ఇంధనం, మారకం రెండూ కలిసి రికార్డు రాబడిని మింగేశాయి.

2023లో అవే నెలలకు రాబడి రూ.16,683 కోట్లు. విమానాలు, సీట్లు అంతకుముందు కంటే ఎక్కువే. అయినా ఇంధన ఖర్చు రూ.5,228 కోట్లకు దిగింది. ఆ జూన్‌లో ఢిల్లీలో వెయ్యి లీటర్ల ఏటీఎఫ్ 90 వేల రూపాయల లోపే ఉంది. ఇప్పుడు ప్రతి వందలో ఇంధనానికి పోయింది 31 రూపాయలే. వందకు 15, 16 రూపాయల తేడా. రూ.16,683 కోట్ల మీద అది రూ.2,500 కోట్లు దాటుతుంది. లాభనష్టాల మధ్య తేడాలో సింహభాగం అక్కడే ఉంది.

మొత్తం అక్కడే లేదన్నది కూడా గమనించాలి. 2023 మే నెల ఆరంభంలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. ఒక పోటీదారు తప్పుకోవడంతో చాలా మార్గాల్లో సీట్లకు కొరత వచ్చి చార్జీలు పెరిగాయి. విమాన టికెట్ ధరను నిర్ణయించేది ఖర్చు కాదు. అదే రోజు అదే ఊరికి ఇంకెన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయన్నదే నిర్ణయిస్తుంది. విమానం బయల్దేరిన క్షణంలో ఖాళీ సీటు విలువ సున్నా అవుతుంది కాబట్టి, పోటీ గట్టిగా ఉన్నప్పుడు ఖర్చు రాకపోయినా అమ్మేస్తారు. 2022 ఆగస్టు 31 వరకు దేశీయ చార్జీలకు ప్రభుత్వం విధించిన కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు కూడా ఉండేవి. అందుకే ఇంధనం ఖరీదు ఇవాళే పెరుగుతుంది కానీ, చార్జీ పెంచే అవకాశం మార్కెట్ ఇచ్చినప్పుడే వస్తుంది. 2023 అక్టోబరులో ఇండిగో దూరాన్ని బట్టి రూ.300 నుంచి రూ.1,000 వరకు ఇంధన చార్జీ విడిగా వసూలు చేయగలిగింది. ఏటీఎఫ్ తగ్గాక 2024 జనవరిలో దాన్ని ఎత్తేసింది. సంస్థకు మార్కెట్లో పట్టు చిక్కినందువల్లే అది సాధ్యమైంది. ఆ పట్టు లేని కంపెనీల సంగతి వేరు. 2018లో చమురు 86 డాలర్లకు, రూపాయి 74కు చేరిన రోజుల్లో, అప్పటికే అప్పుల్లో ఉన్న జెట్ ఎయిర్‌వేస్‌కు ఊపిరాడలేదు. 2019 ఏప్రిల్ 17న ఆ సంస్థ తన చివరి విమానం నడిపింది.

ధరను ముందుగానే ఖరారు చేసుకునే ఒప్పందాలు ఉండవా అని అడగవచ్చు. ఉన్నాయి. అమెరికాలోని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 2000 తర్వాతి దశాబ్దంలో అలాంటి ఒప్పందాలతో బాగా ఆదా చేసింది. అదే పని చేసిన హాంకాంగ్ సంస్థ కేథే పసిఫిక్ 2008లో భారీగా నష్టపోయింది. ఆ ఏడాది జులైలో 147 డాలర్లకు ఎక్కిన చమురు డిసెంబరుకు 40 డాలర్ల కిందికి పడింది. ఎక్కువ ధరకు కట్టుబడినవాళ్లు ఆ ఎక్కువ ధరే చెల్లించాల్సి వచ్చింది. మన విమాన సంస్థలు సాధారణంగా ఈ ఒప్పందాల జోలికి పెద్దగా వెళ్లవు. అందుకే చమురు కదలిక వాటి పద్దుల్లో నేరుగా, వెంటనే కనిపిస్తుంది.

రంగు డబ్బా: మూడు నెలలు ఆలస్యంగా వచ్చే దెబ్బ

గోడకు వేసే రంగులో చమురు ఎక్కడుంది? దాదాపు అన్నిచోట్లా ఉంది. రంగును గోడకు పట్టి ఉంచే జిగురు పదార్థం అక్రిలిక్, స్టైరిన్, వినైల్ అసిటేట్ వంటి రసాయనాల నుంచి తయారవుతుంది. వాటి మూలం పెట్రో రసాయనాలే. ఎనామెల్ రంగుల్లో కలిపే టర్పెంటైన్ రకం ద్రావకం శుద్ధి కర్మాగారం నుంచి వస్తుంది. చివరికి ప్లాస్టిక్ డబ్బా కూడా అక్కడిదే. తెల్లదనాన్నిచ్చే టైటానియం డయాక్సైడ్ మాత్రం ఖనిజం నుంచి వస్తుంది. దాని ధర చైనా ఉత్పత్తిని బట్టి వేరే దారిలో నడుస్తుంది. అందువల్ల చమురు తగ్గినా రంగుల ముడిసరుకు మొత్తం తగ్గుతుందన్న హామీ లేదు.

చమురు ధర ఈ రసాయనాల్లోకి పాకడానికి కొన్ని వారాలు పడుతుంది. కంపెనీ దగ్గర పాత ధరకు కొన్న ముడిసరుకు ఉంటుంది, గోదాముల్లో తయారైన డబ్బాలుంటాయి. అవి అయిపోయాకే కొత్త ఖర్చు పద్దులోకి ఎక్కుతుంది. అందుకే పీపా ధరకూ రంగుల కంపెనీ లాభానికీ మధ్య సుమారు ఒక త్రైమాసికం ఎడం ఉంటుంది.

2021లో ఈ ఎడం ఎలా పనిచేసిందో చూడండి. ఏడాది పొడవునా రసాయనాల ధరలు ఎగబాకాయి. జులై-సెప్టెంబరులో ఏషియన్ పెయింట్స్ రూ.7,096 కోట్ల అమ్మకాలు చేసింది. అంతకుముందు ఏడాది అవే నెలల్లో అమ్మకాలు రూ.5,350 కోట్లు. అయితే వంద రూపాయల అమ్మకంలో ముడిసరుకు ఖర్చు పోగా మిగిలేది సుమారు 44 రూపాయల నుంచి 35 రూపాయలకు పడిపోయింది. వందకు తొమ్మిది రూపాయలంటే ఆ అమ్మకాల మీద రూ.600 కోట్లకు పైమాటే. నికర లాభం రూ.850 కోట్ల స్థాయి నుంచి రూ.605 కోట్లకు తగ్గింది.

ఇక్కడే రంగుల కంపెనీ విమాన కంపెనీకి భిన్నంగా కనబడుతుంది. ఇంటికి రంగులు వేయించే ఖర్చులో మేస్త్రీ, కూలీల వాటా పెద్దది. డబ్బా మీద వంద, రెండు వందలు పెరిగితే ఇంటి యజమాని బ్రాండు మార్చడు. దుకాణంలో రంగులు కలిపే యంత్రం కంపెనీది, పెయింటర్‌కు అలవాటైన పేరు కంపెనీది. మార్కెట్లో మొదటి స్థానంలో ఉన్న సంస్థ ధర పెంచితే మిగతావీ పెంచుతాయి. ఏషియన్ పెయింట్స్ ఆ ఆర్థిక సంవత్సరంలో విడతలవారీగా మొత్తం 20 శాతానికి పైగా ధరలు పెంచింది. పెద్ద పెంపులు నవంబరు, డిసెంబరుల్లో వచ్చాయి. ఆ డిసెంబరు త్రైమాసికంలోనే లాభం మళ్లీ రూ.1,000 కోట్లు దాటింది.

ముడిసరుకు దిగివచ్చాక అసలు లాభం మొదలవుతుంది. పెంచిన ధర పెంచినట్లే ఉంటుంది, ఖర్చు మాత్రం తగ్గుతుంది. 2022-23లో రూ.34,489 కోట్ల అమ్మకాల మీద రూ.4,106 కోట్ల లాభం వచ్చింది. 2023-24లో అమ్మకాలు రూ.35,495 కోట్లు. అంటే పెరిగింది మూడు శాతమే. లాభం మాత్రం రూ.5,460 కోట్లకు, మూడో వంతు పెరిగింది. రంగులు ఎక్కువ అమ్ముడుపోవడం కంటే ముడిసరుకు చవక కావడమే ఈ లాభానికి ప్రధాన కారణం.

అలాంటి లాభాన్ని శాశ్వతమనుకోవడం పెద్ద పొరపాటు. వందకు 43, 44 రూపాయలు మిగులుతున్న వ్యాపారం పక్కవాళ్ల కంట పడకుండా ఉండదు. ఆదిత్య బిర్లా గ్రూపులోని గ్రాసిమ్ రూ.10,000 కోట్ల పెట్టుబడితో 2024 ఫిబ్రవరిలో బిర్లా ఓపస్ పేరిట రంగుల మార్కెట్లోకి దిగింది. అదే సమయంలో పట్టణాల్లో గిరాకీ మందగించింది. 2024-25లో చమురు సగటు ధర అంతకుముందు ఏడాది కంటే తక్కువే. అయినా ఏషియన్ పెయింట్స్ అమ్మకాలు రూ.33,906 కోట్లకు, లాభం రూ.3,667 కోట్లకు తగ్గాయి. ఆ తగ్గుదలలో కొన్ని ఒక్కసారి నష్టాలు కూడా ఉన్నాయి. ధర పెంచే శక్తి చేజారుతుంటే చవక చమురు కూడా కాపాడలేదని ఈ ఏడాది స్పష్టంగా చూపించింది.

ఎరువుల బస్తా: ధర రాసేది ప్రభుత్వం

ఎరువుల దగ్గరికి వచ్చేసరికి లెక్క పూర్తిగా మారుతుంది. ఇక్కడ కొనే రైతు చెల్లించేది ఒక భాగం, ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఇంకో భాగం. కంపెనీ రాబడి ఈ రెండింటి మొత్తం.

ముందు యూరియా సంగతి. దీనికి మూలం సహజ వాయువు. దిగుమతి అయ్యే ద్రవీకృత వాయువు దీర్ఘకాలిక ఒప్పందాల్లో ధర చాలావరకు ముడిచమురు ధరకు ముడిపెట్టి ఉంటుంది. అలా చమురు చక్రం రామగుండంలోని ఆర్‌ఎఫ్‌సీఎల్ వంటి కర్మాగారం గేటు దాకా వస్తుంది. రైతుకు 45 కిలోల బస్తా రూ.266.50కే అందుతుంది. గ్యాస్ ఎంత పెరిగినా ఆ ధర మారదు. పెరిగిన గ్యాస్ ఖర్చును ప్రభుత్వం కంపెనీకి భర్తీ చేస్తుంది. కాకపోతే ఒక షరతు ఉంది. టన్ను యూరియాకు ఇంత శక్తే వాడాలని ప్రతి కర్మాగారానికీ ఒక పరిమితి పెట్టారు. అంతకంటే తక్కువ గ్యాస్‌తో చేయగలిగితే మిగిలింది కంపెనీకి ఆదాయం. ఎక్కువ వాడితే ఆ అదనపు ఖర్చు కంపెనీ సొంతంగా భరించాలి. అందువల్ల గ్యాస్ ఖరీదైనప్పుడు సమర్థంగా నడిచే కర్మాగారానికి ఆ ఆదా విలువ పెరిగి లాభం వస్తుంది, పాతబడిన కర్మాగారానికి నష్టం పెరుగుతుంది. గ్యాస్ పెరిగితే యూరియా కంపెనీలన్నీ నష్టపోతాయన్న మాట అందుకే నిలవదు.

డీఏపీ, కాంప్లెక్స్ ఎరువుల దారి వేరు. విశాఖ, కాకినాడ కర్మాగారాల్లో కోరమాండల్ తయారు చేసేవి ఇవే. వీటికి అమ్మోనియా, ఫాస్ఫారిక్ యాసిడ్, రాక్ ఫాస్ఫేట్, గంధకం కావాలి. అమ్మోనియా గ్యాస్ నుంచి వస్తుంది. గంధకం శుద్ధి కర్మాగారాల్లో చమురును శుభ్రం చేసినప్పుడు ఉపఉత్పత్తిగా వస్తుంది. ఫాస్ఫేట్‌కు మొరాకో పెద్ద దిక్కు. ఫాస్ఫారిక్ యాసిడ్ ధరను అక్కడి ఉత్పత్తిదారులతో మన కంపెనీలు మూడు నెలలకోసారి బేరమాడి ఖరారు చేసుకుంటాయి. 2022 జులై-సెప్టెంబరుకు అది టన్ను 1,715 డాలర్లు. 2023లో అవే నెలలకు 850 డాలర్లు.

ఈ ఎరువులకు 2010 ఏప్రిల్ 1 నుంచి పోషకాల ఆధారిత రాయితీ అమలవుతోంది. బస్తాలో ఉన్న నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం కిలోకు ఇంత అని కేంద్రం రాయితీ ప్రకటిస్తుంది. సాధారణంగా ఖరీఫ్‌కు ఒకసారి, రబీకి ఒకసారి. కాగితం మీద అమ్మకం ధర కంపెనీ ఇష్టం. వాస్తవంలో ప్రభుత్వం కన్నెర్ర చేస్తే పెంచలేరు. 2021 వసంతంలో అంతర్జాతీయ ధరలు ఎగబాకగా రూ.1,200 ఉన్న డీఏపీ బస్తాను రూ.1,900 చేస్తున్నట్లు ఇఫ్కో ప్రకటించింది. రైతుల్లో ఆందోళన రేగింది. మే 19న కేంద్రం బస్తాకు రూ.500 ఉన్న రాయితీని రూ.1,200కు పెంచి, రైతుకు పాత ధరే ఉండేలా చేసింది. 2022-23 వచ్చేసరికి దేశం మొత్తం ఎరువుల రాయితీ బిల్లు రూ.2.5 లక్షల కోట్లకు చేరింది. చమురు, గ్యాస్ చక్రం తాకిడిని విమాన ప్రయాణికుడు టికెట్‌లో మోస్తే, రైతు తరఫున ఖజానా మోసింది.

ఇప్పుడు ధర తగ్గినప్పుడు ఏమైందో చూద్దాం. మన రైతులు 'ఇరవై ఇరవై' అని పిలిచే 20-20-0-13 కాంప్లెక్స్ బస్తాను తీసుకోండి. 50 కిలోల బస్తాలో 10 కిలోల నత్రజని, 10 కిలోల భాస్వరం, ఆరున్నర కిలోల గంధకం ఉంటాయి. 2023 ఖరీఫ్‌లో కిలో నత్రజనికి రాయితీ రూ.76.49, భాస్వరానికి రూ.41.03, గంధకానికి రూ.2.80. లెక్కగడితే బస్తాకు సుమారు రూ.1,193. రబీకి ఆ రేట్లను వరుసగా రూ.47.02, రూ.20.82, రూ.1.89కి తగ్గించారు. బస్తాకు రాయితీ సుమారు రూ.691 అయింది. ఒక్కసారిగా రూ.500 తగ్గుదల. టన్నుకు రూ.10 వేలు. లక్ష టన్నులు అమ్మే కంపెనీకి రూ.100 కోట్లు.

అంతర్జాతీయ ధరలు పడిపోయాయి కాబట్టి రాయితీ తగ్గించడం న్యాయమే. చిక్కంతా సమయంలో ఉంది. కేంద్ర మంత్రివర్గం ఆ రేట్లను ప్రకటించింది అక్టోబరు 25న. అవి వర్తించింది అక్టోబరు 1 నుంచి. పైగా ఆ త్రైమాసికానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ధర 850 డాలర్ల నుంచి 985 డాలర్లకు పెరిగింది. అంటే రాయితీ దిగుతున్న నెలల్లోనే ముడిసరుకు ధర పైకి మళ్లింది. దీనికి తోడు కోరమాండల్‌కు ప్రధాన మార్కెట్లలో వర్షాలు సరిగా లేక రబీ సాగు దెబ్బతింది. అక్టోబరు-డిసెంబరు త్రైమాసికంలో కంపెనీ రాబడి అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు మూడో వంతు తగ్గింది. లాభం రూ.527 కోట్ల నుంచి సుమారు రూ.228 కోట్లకు దిగింది. సెనెగల్‌లో రాక్ ఫాస్ఫేట్ గనిలో వాటా కొనడం వెనుక ఉన్న ఆలోచన అప్పుడు అర్థమవుతుంది. అమ్మకం ధర తన చేతిలో లేని కంపెనీ, కనీసం ముడిసరుకు ధరనైనా చేతిలోకి తెచ్చుకోవాలని చూస్తుంది.

ఇంకో ఇబ్బంది లాభనష్టాల పద్దులో తేలిగ్గా కనబడదు. రైతు దుకాణంలో వేలిముద్ర వేసి బస్తా తీసుకున్నాకే కంపెనీకి రాయితీ అర్హత వస్తుంది. ఆ సొమ్ము చేతికందేదాకా కంపెనీ అప్పు తెచ్చి నడపాలి. ముడిసరుకు రెట్టింపైతే ఆ అప్పూ రెట్టింపవుతుంది, వడ్డీ పెరుగుతుంది. చెల్లింపులు ఆలస్యమైన ఏడాది కొన్ని కంపెనీలు దిగుమతులు తగ్గించుకుంటాయి. ఆ తగ్గుదల చివరికి సీజన్ మధ్యలో దుకాణం ముందు రైతుల వరుసగా మారుతుంది. అందుకే రాయితీ రేట్లను సీజన్ మొదలయ్యాక కాకుండా, నెలో రెండు నెలలో ముందే ప్రకటించాలని అడగడం కంపెనీల లాభం కోసం చేసే వాదన మాత్రమే కాదు. విత్తనం వేసే వేళకు బస్తా దొరకడం దాని మీదే ఆధారపడి ఉంది.

ఫలితాలు చదివేటప్పుడు ఏం చూడాలి

ఈ మూడు కథల్ని పక్కపక్కన పెడితే ఒక క్రమం కనిపిస్తుంది. విమాన సంస్థ ఖర్చు నెల తిరగకుండా మారుతుంది, ధర పోటీని బట్టి ఉంటుంది. కాబట్టి చమురు పెరిగిన త్రైమాసికంలోనే దెబ్బ కనబడుతుంది. రంగుల కంపెనీ ఖర్చు ఒక త్రైమాసికం ఆలస్యంగా మారుతుంది, ధర పెంపు ఇంకో త్రైమాసికం ఆలస్యంగా వస్తుంది. కాబట్టి మొదట లాభం కుంగి, తర్వాత పాత స్థాయిని దాటి లేస్తుంది. ఎరువుల కంపెనీకి ధర ఆరు నెలలకోసారి కదులుతుంది, అదీ ప్రభుత్వ నిర్ణయంతో. కాబట్టి ధరలు ఎటు కదిలినా, ఆ కదలిక రాయితీ మార్పుతో సరిపడకపోతే నష్టమే.

ఫలితాల పట్టిక చేతికొచ్చినప్పుడు నికర లాభం కంటే ముందు రెండు అంకెలు చూడాలి. అమ్మకాల్లో ముడిసరుకు లేదా ఇంధనం వాటా వందకు ఎంత? నిరుటి అవే నెలల్లో ఎంత? ఆ వాటా ఐదారు రూపాయలు కదిలి, అమ్మకాల పరిమాణం కదలకపోతే, ఆ లాభం ధరల చక్రం తెచ్చింది, తిరిగి తీసుకుపోగలదు కూడా. ఎరువుల కంపెనీ అయితే దీనికి మరో రెండు చేర్చుకోవాలి. ప్రభుత్వం నుంచి రావాల్సిన రాయితీ బాకీ ఎంత, గోదాముల్లో పాత ధర సరుకు ఎంత. రంగుల కంపెనీ అయితే ధరలు తగ్గిస్తోందా, డీలర్లకు డిస్కౌంట్లు పెంచుతోందా అన్నది. విమాన సంస్థ అయితే ఏటీఎఫ్ ధర, రూపాయి మారకం, మార్కెట్లోకి కొత్తగా వస్తున్న సీట్లు.

రిటైరైన ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, ఇప్పుడిప్పుడే సంపాదన మొదలుపెట్టిన యువత నెలనెలా కొంత సొమ్ము మార్కెట్లో పెడుతున్న కాలమిది. చమురు పడిందన్న వార్త చూసి మర్నాడు ఉదయమే రంగుల షేరో, విమాన షేరో కొనేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆ వార్త మార్కెట్‌కు అంతకుముందే తెలుసు. తెలుసుకోవాల్సింది, మిగిలిన ఆ డబ్బు ఎవరి దగ్గర ఆగుతుందన్నది. పోటీ గట్టిగా ఉంటే అది చవక టికెట్టుగా ప్రయాణికుడికి చేరుతుంది. బ్రాండు బలంగా ఉంటే కంపెనీ దగ్గర ఉండిపోతుంది, కొత్త పోటీదారు వచ్చేదాకా. ధర ప్రభుత్వం చేతిలో ఉంటే ఖజానాకు తిరిగి వెళ్తుంది. చమురు ధర ఎటు వెళ్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఆ డబ్బు ఎక్కడ ఆగుతుందో మాత్రం కంపెనీ లెక్కలు చదివి చాలావరకు తెలుసుకోవచ్చు.